జీతం బాకీ, పీఎఫ్, షేర్లు: దివాలా తీసిన కంపెనీలో ఎవరి వంతు ఎక్కడ?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో పైపుల ఫ్యాక్టరీలో 9 ఏళ్లుగా మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. హోదా అసిస్టెంట్ ఇంజనీర్, నెలకు 34,000. పోయిన ఆగస్టు నుంచి ఈ మార్చి దాకా 8 నెలల జీతం రాలేదు. పీఎఫ్ అయితే 14 నెలలుగా కట్టలేదు. మార్చి 31న గేటు మూశారు, ఏప్రిల్ 10న కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ కేసు తీసుకుంది. ఉన్నదంతా బ్యాంకులే పట్టుకుపోతాయని తోటివాళ్లు అంటున్నారు. మా బావమరిది ఇదే కంపెనీకి బేరింగులు సప్లై చేశాడు, 18 లక్షలు రావాలి. నా దగ్గర కంపెనీ షేర్లు 2,000 ఉన్నాయి. 90 రూపాయలకు కొన్నవి, ఇప్పుడు 3 రూపాయలకు దిగాయి. ఇంకొన్ని కొని సగటు తగ్గించుకోనా? అసలు ఎవరి తర్వాత ఎవరికి ఇస్తారు?

సమాధానం: బ్యాంకులే మొత్తం పట్టుకుపోతాయన్న మాట సగమే నిజం. చట్టం దృష్టిలో మీకు ఆ కంపెనీ నుంచి రావలసినవి నాలుగు వేర్వేరు బాకీలు. పీఎఫ్ ఒకటి, గ్రాట్యుటీ ఒకటి, జీతం ఒకటి, షేర్ల సొమ్ము ఒకటి. వీటిలో పీఎఫ్‌కు అసలు వరుసలో నిలబడే పనే లేదు. జీతం వరుసలో బ్యాంకుల పక్కనే నిలబడవచ్చు, లేదా వాళ్ల వెనక మిగిలిపోవచ్చు. అది మీ హోదా పేరును బట్టి కాదు, మీరు రోజూ చేసిన పనిని బట్టి తేలుతుంది. షేర్లది చిట్టచివరి ఆయకట్టు, అక్కడిదాకా నీళ్లు రావడం చాలా అరుదు.

ముందు వరుసలో లేని సొమ్ము సంగతి చూద్దాం. దివాలా చట్టం (2016) సెక్షన్ 36(4) ప్రకారం కార్మికుడికైనా ఉద్యోగికైనా ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ ఫండ్, గ్రాట్యుటీ ఫండ్ నుంచి రావలసిన సొమ్ము లిక్విడేషన్ ఆస్తిలో భాగం కాదు. అంటే కంపెనీ ఆస్తులు అమ్మి పంచే డబ్బులోంచి దాన్ని ముందే పక్కన తీసి ఉంచాలి. ఆ సొమ్ము మీద బ్యాంకుకు హక్కు లేదు. ఇక్కడ వర్క్‌మనా, అంటే చట్టం దృష్టిలో కార్మికుడా, ఆఫీసరా అన్న తేడా కూడా లేదు. జెట్ ఎయిర్‌వేస్ కేసులో అప్పిలేట్ ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో ఈ మాటే గట్టిగా చెప్పింది. దివాలా ప్రక్రియ మొదలైన రోజు దాకా ఉన్న పీఎఫ్, గ్రాట్యుటీ బాకీలను కంపెనీని కొనుక్కునేవాళ్లు పూర్తిగా చెల్లించాలంది. కొనుగోలుదారులు సుప్రీంకోర్టుకు వెళ్లినా 2023 జనవరిలో అక్కడా ఓడిపోయారు.

మీ లెక్కే వేసి చూద్దాం. మీ బేసిక్, డీఏ కలిపి 20,800 అనుకుందాం. దాని మీద మీ వాటా 12 శాతం, అంటే 2,496. కంపెనీ కూడా పూర్తి బేసిక్ మీదే కడుతుంటే దాని వాటా మరో 2,496. నెలకు 4,992 చొప్పున 14 నెలలకు 69,888 రూపాయలు. జీతమే చేతికి రాని ఆ 8 నెలలకు కూడా పీఎఫ్ బాకీ ఉన్నట్టే లెక్క, ఎందుకంటే రావలసిన జీతం మీద అది కట్టి తీరాలి. ఈపీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఏ నెల దగ్గర జమలు ఆగాయో చూసి ఆ పేజీ ప్రింటు తీసుకోండి. ఒకే ఉత్తరం రాసి ఒక కాపీ దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు, అంటే ఆర్పీకి, ఒక కాపీ మీ ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయానికి పంపండి. పీఎఫ్ సంస్థ కూడా తన పేరుమీద క్లెయిమ్ వేయాలి. చాలా కంపెనీల్లో ఆ క్లెయిమ్ ఆలస్యంగా రావడం వల్లో, తక్కువ అంకెతో రావడం వల్లో ఇబ్బంది మొదలవుతుంది. ఏ నెలలు, ఎంతమంది అన్నది కార్మికులే రాసి పంపితే ఆ లోటు ఉండదు.

గ్రాట్యుటీ దగ్గర మాత్రం ఒక చిక్కుంది. మీకు రావలసింది 20,800ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, 9 ఏళ్లతో గుణిస్తే 1,08,000. ఈ మొత్తానికి కంపెనీ విడిగా ఫండు పెట్టిందా, అంటే ఎల్ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ గానీ ట్రస్టు గానీ ఉందా అన్నది ముఖ్యం. ఫండు ఉంటే ఆ సొమ్ము వరుసకు బయటే. ఫండే పెట్టని కంపెనీ అయితే ఏమవుతుందో మన హైదరాబాద్ కంపెనీ లాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌లో తేలింది. ఫండు లేనప్పుడు ఆస్తులు అమ్మిన డబ్బులోంచి గ్రాట్యుటీ విడిగా తీసి ఇవ్వమని, ఆస్తులు అమ్మి పంచే లిక్విడేటర్‌ను ఆదేశించలేమని 2020 ఫిబ్రవరిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది. జెట్ తీర్పు కంపెనీని వేరొకరికి అప్పగించే ప్లాన్ మీద వచ్చింది, లాంకో తీర్పు లిక్విడేషన్ మీద వచ్చింది. అందుకే గ్రాట్యుటీని రెండు విధాలా అడగండి. ముందుగా సెక్షన్ 36(4) కింద పూర్తిగా ఇమ్మని, అది కుదరదంటే మీ బాకీల్లో భాగంగా లెక్కించమని. మీ కంపెనీకి పాలసీ ఉందో లేదో తెలుసుకోవాలంటే హెచ్ఆర్‌లో పాలసీ నంబరు అడగండి, లేదా వార్షిక నివేదికలో ఉద్యోగుల ప్రయోజనాల నోటు చదవండి. అక్కడ 'ఫండెడ్' అని ఉందా, 'అన్‌ఫండెడ్' అని ఉందా అన్నది చాలు.

ఇక జీతం సంగతి. అది వరుసలోకి వస్తుంది. కంపెనీని ఎవరూ తీసుకోక లిక్విడేషన్‌కు పోతే, ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బును సెక్షన్ 53 చెప్పిన క్రమంలో పంచుతారు. మొదటి వంతు దివాలా ప్రక్రియ ఖర్చులది. ఆర్పీ ఫీజు, సెక్యూరిటీ గార్డులు, కరెంటు, వేలం ఖర్చులు ఇందులోకి వస్తాయి. ఇవి పూర్తిగా తీరాకే మిగతావాళ్ల మాట. రెండో మెట్టు మీద ఇద్దరు పక్కపక్కన నిలబడతారు: లిక్విడేషన్ మొదలైన తేదీకి వెనక 24 నెలల కార్మికుల బాకీలు, తమ తనఖాను వదులుకుని ఉమ్మడి కుప్పలో కలిపిన బ్యాంకుల అప్పు. మూడో మెట్టు కార్మికులు కాని ఉద్యోగులది, వాళ్లకు 12 నెలల జీతమే. నాలుగోది ఏ తనఖా లేకుండా అప్పిచ్చినవాళ్లది. ఐదో మెట్టు మీద ప్రభుత్వ పన్నులు, వాటి పక్కనే తనఖాను తామే అమ్ముకున్నా అప్పు తీరక మిగిలిపోయిన బ్యాంకు బాకీ ఉంటాయి. ఆరోది మిగతా అన్ని బాకీలూ, మీ బావమరిది లాంటి సరఫరాదారులు ఇక్కడే ఉంటారు. ఆ తర్వాత ప్రిఫరెన్స్ షేర్లవాళ్లు, చిట్టచివర మామూలు షేర్లవాళ్లు. ఒక మెట్టు పూర్తిగా తీరితేనే కింది మెట్టుకు పైసా దిగుతుంది. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్లకు డబ్బు చాలకపోతే దామాషాలో పంచుతారు.

ఊహించిన ఒక లెక్కతో చూపిస్తాను. ఫ్యాక్టరీ స్థలం, యంత్రాలు, స్టాకు అన్నీ అమ్మితే 60 కోట్లు వచ్చాయనుకోండి. ఖర్చులు 4 కోట్లు పోతే 56 మిగిలింది. కార్మికుల 24 నెలల బాకీలు 4 కోట్లు, తనఖా వదులుకున్న బ్యాంకులకు 136 కోట్లు. రెండూ ఒకే మెట్టు కాబట్టి మొత్తం 140 కోట్ల బాకీకి 56 కోట్లు ఉన్నాయి, అంటే రూపాయికి 40 పైసలు. కార్మికులకు 1.60 కోట్లు, బ్యాంకులకు 54.40 కోట్లు వెళతాయి. బ్యాంకులకు వెళ్లిన అంకె పెద్దదే, కానీ ప్రతి రూపాయి బాకీకి కార్మికుడికీ బ్యాంకుకూ దక్కింది ఒకే 40 పైసలు. మీరు వర్క్‌మన్‌గా నిలబడితే మీ 8 నెలల 2,72,000కు 1,08,800 వస్తుంది. అదే మిమ్మల్ని 'ఎంప్లాయీ', అంటే మూడో మెట్టు ఉద్యోగి కింద రాస్తే? మీకు సున్నా. ఎందుకంటే ఆ మూడో మెట్టుకు మొదటి రూపాయి చేరాలంటే అమ్మకం 144 కోట్లు దాటాలి. అదే ఆస్తి, అదే బ్యాంకు, అదే 8 నెలల జీతం. ఫారంలో మీ పేరు పక్కన రాసే ఒక్క మాటతోనే లక్ష రూపాయల తేడా వచ్చింది.

ఆ మాట మీద మీరు కొంత శ్రద్ధ పెట్టాలి. వర్క్‌మన్ అంటే ఎవరో చెప్పడానికి దివాలా చట్టం పారిశ్రామిక వివాదాల చట్టంలోని నిర్వచనాన్ని చూపించింది. చేతి పని, నైపుణ్యం ఉన్న పని, సాంకేతిక పని, గుమస్తా పని చేసేవాళ్లు వర్క్‌మన్‌లే, వాళ్ల జీతానికి పరిమితి లేదు. నిర్వాహక హోదాలో ఉన్నవాళ్లు కారు. పర్యవేక్షణ పని ప్రధానంగా చేసే వాళ్లకు మాత్రం జీత పరిమితి ఉంది. పాత చట్టంలో అది నెలకు 10,000 ఉండేది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18,000 అయింది. మీ 34,000 జీతానికి ఆ రెంటిలో ఏది పెట్టినా ఒకటే. పర్యవేక్షకుడని తేలితే మీరు బయటికి పోతారు, సాంకేతిక పని అని తేలితే లోపలే ఉంటారు. 'అసిస్టెంట్ ఇంజనీర్' అన్న పేరు దేన్నీ తేల్చదు. రెంచి పట్టుకుని పంపు విప్పింది మీరా, విప్పించింది మీరా అన్నదే ప్రశ్న.

దీన్ని కాగితాలతో చూపించాలి. బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు మీరు సంతకం చేసిన జాబ్ కార్డులు, షిఫ్టు రోస్టర్‌లో మీ పేరు, మెయింటెనెన్స్ లాగ్‌బుక్ పేజీలు, ఓవర్‌టైమ్ ఇచ్చిన పే స్లిప్పులు మీ తరఫు సాక్ష్యం. మీ కింద ఎవరి సెలవులైనా మీరు మంజూరు చేశారా, ఎవరికైనా అప్రైజల్ రాశారా, మెమో ఇచ్చారా అన్నది ఎదుటి పక్షం వెతికే సాక్ష్యం. గేటు మూసేశాక లాగ్‌బుక్‌లు లోపలే ఉండిపోతాయి, తర్వాత తుక్కుతో పాటు పోతాయి. మీ ఫోన్‌లో పాత వాట్సాప్ గ్రూపు ఉంటే, అర్ధరాత్రి మోటారు కాలిపోయిందని వచ్చిన కబురు, మీరు పెట్టిన ఫొటో తేదీతో సహా ఈ రోజే దాచుకోండి.

ఇంకో గొడవ తేదీలది. దీన్ని చాలామంది గమనించరు. 24 నెలలైనా 12 నెలలైనా వెనక్కి లెక్కపెట్టేది ఏప్రిల్ 10 నుంచి కాదు, లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి. చట్టం పెట్టిన 330 రోజుల గడువులోనే పని తేలి వచ్చే ఏడాది మార్చి 6న లిక్విడేషన్ వచ్చిందనుకుందాం. ఎంప్లాయీకి 12 నెలలు వెనక్కి వెళితే ఈ ఏడాది మార్చి 6 వస్తుంది. అంటే 8 నెలల జీతంలో మూడో మెట్టు మీద నిలిచేది మార్చి చివరి 25 రోజులు మాత్రమే. మిగతాది ఆరో మెట్టుకు జారి సరఫరాదారుల మధ్యలో పడుతుంది. ప్రక్రియ జూన్ దాకా సాగితే ఆ 25 రోజులూ ఉండవు. వర్క్‌మన్‌కు 24 నెలలు కాబట్టి ప్రస్తుతానికి మొత్తం 8 నెలలూ లోపలే ఉంటాయి. కానీ ఉత్తర్వు వచ్చే ఏడాది డిసెంబరు 1 దాకా సాగితే, పోయిన ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు జీతాలు బయటపడి డిసెంబరు నుంచి మార్చి దాకా ఉన్న 4 నెలలే మిగులుతాయి. ప్రక్రియ నెల నెలా వాయిదా పడుతూ ఉంటే అప్పు ఇచ్చిన బ్యాంకు మెట్టు మారదు, జీతం రావలసినవాడి మెట్టు మారుతుంది. నా దృష్టిలో ఇది చట్టంలోని పెద్ద లోపం. కానీ ఇప్పుడున్న మాట ఇదే కాబట్టి వాయిదాలకు అభ్యంతరం చెప్పడంలో కార్మికులు ముందుండాలి.

గేటు మూశాక గడిచిన నెలల జీతం అడగవచ్చా అని చాలామందికి సందేహం. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఏబీజీ షిప్‌యార్డ్ కార్మికుల కేసులో చెప్పింది సూటిగా ఉంది. దివాలా ప్రక్రియ నడుస్తున్న రోజుల్లో ఆర్పీ కంపెనీని నడిపించి, మీరు నిజంగా పనిచేసి ఉంటే, ఆ జీతం ప్రక్రియ ఖర్చు కింద మొదటి మెట్టు మీదే పూర్తిగా తీరుతుంది. పని లేకపోతే ఆ హోదా రాదు. మీకిది పనికొచ్చేది ఇలా: బాయిలర్ కాపాడటానికో, పంపులు తిప్పి చూడటానికో, యంత్రాలు చూపించడానికో ఆర్పీ మనుషులు మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి, కానీ పిలుపు ఈమెయిల్‌లో ఉండాలి, రోజుకెంతో అందులో రాసి ఉండాలి, హాజరు రిజిస్టర్‌లో వాళ్ల మనిషి సంతకం ఉండాలి. ఆ రోజుల సొమ్ము పాత 8 నెలలతో కలవకూడదు. పాతదానికి 40 పైసలు, దీనికి రూపాయికి రూపాయి.

ఇక బ్యాంకు తన తనఖాను ఉమ్మడి కుప్పలో కలపకుండా సొంతంగా అమ్ముకుంటే? సెక్షన్ 52 ఆ దారి ఇచ్చింది. లిక్విడేషన్ మొదలైన 30 రోజుల్లో ఏ దారో చెప్పాలి, చెప్పకపోతే కుప్పలో కలిపినట్టే లెక్క. సొంతంగా అమ్ముకుంటామని చెప్పినా కార్మికుల వాటా తప్పించుకోలేరు. కుప్పలో కలిపి ఉంటే ఖర్చులకు, కార్మికుల బాకీలకు తన వంతుగా ఎంత పోయేదో అంత బ్యాంకు లిక్విడేటర్‌కు కట్టాలి, దానికి 90 రోజుల గడువు. కాబట్టి స్థలాన్ని బ్యాంకు విడిగా వేలం వేస్తోందన్న వార్త వినగానే కార్మికులు చేతులెత్తేయనక్కరలేదు, లిక్విడేటర్‌కు 'మా వాటా వసూలు చేశారా' అని రాసి అడగాలి. ఈ రక్షణ కూడా వర్క్‌మన్‌కే, మూడో మెట్టు ఉద్యోగికి కాదు.

ఇప్పటిదాకా చెప్పింది లిక్విడేషన్ కథ. దానికంటే ముందు, ఇప్పుడు మీ కంపెనీ ఉన్న దశలో, ఎవరైనా కంపెనీని తీసుకుంటామని రిజల్యూషన్ ప్లాన్ ఇవ్వవచ్చు. ఆ ప్లాన్ మీద ఓటు బ్యాంకుల్లాంటి ఆర్థిక రుణదాతలదే, 66 శాతం ఓట్లు వస్తే గట్టెక్కుతుంది. మీకూ సరఫరాదారులకూ ఓటు లేదు. చట్టం మీకిచ్చిన హామీ ఒకటే: లిక్విడేషన్ అయితే సెక్షన్ 53 కింద ఎంత వచ్చేదో అంతకు తగ్గకూడదు, అదైనా బ్యాంకుల కంటే ముందు చెల్లించాలి. ఈ హామీ బలం లెక్కలోనే ఉంది. పై లెక్కలో వర్క్‌మన్‌కు కనీసం 40 పైసలు ఖాయం, ఎంప్లాయీకి కనీసం సున్నాయే ఖాయం. ప్లాన్ ఇచ్చేవాళ్లు మళ్లీ ఫ్యాక్టరీ నడపాలి కాబట్టి నైపుణ్యం ఉన్నవాళ్లకు కనీసం కంటే ఎక్కువ ఇవ్వడం జరుగుతూనే ఉంటుంది. దానికోసం మాట్లాడాల్సింది ప్లాన్ రాసే సమయంలోనే, ఎన్‌సీఎల్‌టీ ఆమోదించాక కాదు. ఆమోదం అయ్యాక ప్లాన్‌లో లేని బాకీ ఆరిపోయినట్టే.

మీ బావమరిది గారి 18 లక్షల సంగతి కష్టమే, దాచడంలో అర్థం లేదు. ఆయనది ఆరో మెట్టు. పై లెక్కకు తనఖా లేని అప్పులు 10 కోట్లు, ఉద్యోగుల జీతాలు 1.50 కోట్లు, పన్నులు 12 కోట్లు కలిపితే ఆయన మెట్టుకు తొలి రూపాయి చేరాలంటే అమ్మకం 167.50 కోట్లు దాటాలి. 60 కోట్లకు అమ్ముడుపోయిన చోట అది జరగదు. అయినా ఆయన మూడు పనులు చూసుకోవాలి. ఫ్యాక్టరీ స్టోర్లో ఆయన బేరింగులు ఇంకా ఉండి, అవి అమ్మినవి కాక వాడుకున్నప్పుడు బిల్లు వేసే ఒప్పందం మీద ఉంచినవైతే, అవి కంపెనీ ఆస్తి కాదు. డెలివరీ చలాన్లు, ఒప్పందం చూపించి వెనక్కి అడగాలి. ఇన్వాయిస్ వేసి అమ్మేసినవైతే ఆ దారి లేదు. కంపెనీ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి ఉంటే, కంపెనీ మీద కేసు ఆగినా చెక్కు మీద సంతకం పెట్టిన డైరెక్టర్ల మీద కేసు ఆగదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో చెప్పింది. నోటీసు గడువులు దాటకుండా అది చూసుకోవాలి. ఇకమీదట ఆర్పీ సరుకు అడిగితే ఆ బిల్లు మొదటి మెట్టుది. అయినా ముందు డబ్బు, తర్వాత సరుకు అన్నదే మంచిది, ఎందుకంటే మొదటి మెట్టు సొమ్ము కూడా చేతికి రావడానికి నెలలు పడుతుంది.

షేర్లు మాత్రం దయచేసి ఇంకొకటి కూడా కొనవద్దు. ధర 90 నుంచి 3కు దిగింది కాబట్టి చవక అనిపిస్తుంది, కానీ ఆ 3 రూపాయలు కంపెనీ విలువ కాదు. పైన ఉన్న బాకీలన్నీ తీరగా మిగిలేదే షేరు విలువ. మన లెక్కలో ఆరో మెట్టు బాకీలు మరో 22 కోట్లు అనుకుంటే, అమ్మకం 189.50 కోట్లు దాటితేనే ఆ మాట మొదలవుతుంది. కొత్త యజమాని వచ్చి కంపెనీ బతికినా మీ పాత షేరు బతకనవసరం లేదు. ప్లాన్‌లో పాత షేర్లను రద్దు చేసి కొత్తవి జారీ చేస్తారు. డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను 2021లో పిరమల్ తీసుకున్నప్పుడు కంపెనీ నిలబడింది, పాత వాటాదారులకు మాత్రం సున్నా, షేరు ఎక్స్ఛేంజీల నుంచే పోయింది. 'కొత్త యజమాని వస్తున్నాడు' అన్న వార్తకు షేరు పెరగడం చూసి కొన్నవాళ్లూ అక్కడ నష్టపోయారు. మీ 2,000 షేర్లకు ఇప్పుడు 6,000 వస్తుంది. ట్రేడింగ్ ఆగకముందే అమ్మితే ఆ నష్టం పన్ను లెక్కలో ఇతర మూలధన లాభాలకు సర్దుకోవచ్చు, దీర్ఘకాలిక నష్టమైతే దీర్ఘకాలిక లాభాలకు మాత్రమే.

ఇక తక్షణ పని. ఆర్పీ ప్రకటన ఒక ఇంగ్లిష్ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో వచ్చి ఉంటుంది, ibbi.gov.in లోనూ దొరుకుతుంది. దానిలో క్లెయిమ్ పంపే ఈమెయిల్, చివరి తేదీ ఉంటాయి. సాధారణంగా 14 రోజులు, మీ విషయంలో అంటే ఏప్రిల్ 24. అది దాటినా ఆందోళన వద్దు. ప్రక్రియ మొదలైన 90వ రోజు, అంటే జూలై 9, లేదా ఆర్పీ ప్లాన్‌లు పిలిచే తేదీ, ఈ రెండిటిలో ఏది తర్వాతైతే అప్పటిదాకా ఇవ్వవచ్చు. కారణం రాయాలి. కార్మికులూ ఉద్యోగులూ వేసేది ఫారం డి, అందరి తరఫునా ఒకరు వేస్తే ఫారం ఇ, మీ బావమరిది లాంటి సరఫరాదారు వేసేది ఫారం బి.

ఫారం డిలో చాలామంది చేసే తప్పు అన్నీ కలిపి ఒకే అంకె రాయడం. మీ విషయంలో జీతం 2,72,000, గ్రాట్యుటీ 1,08,000, పీఎఫ్ 69,888 కలిపి 4,49,888 అని రాస్తే, ఆర్పీ ఆఫీసులో ఎవరో దాన్ని అలాగే 'ఉద్యోగుల బాకీ' కాలమ్‌లో ఎక్కిస్తారు. వరుసకు బయట ఉండాల్సిన పీఎఫ్ కూడా వరుసలోకి జారిపోతుంది. అందుకే విడిగా ఒక కాగితం జతచేయండి. మొదటి భాగంలో పీఎఫ్, గ్రాట్యుటీ, పక్కన 'సెక్షన్ 36(4) కింద, ఆస్తిలో భాగం కాదు' అని. రెండో భాగంలో నెలవారీగా జీతం, ఏ నెల ఎంత అన్నది వరుసలుగా, సెలవుల సొమ్ము ఉంటే అదీ. అన్నిటికీ పైన 'వర్క్‌మన్ హోదాలో' అన్న మాట, కింద మీ పని వివరం నాలుగు వాక్యాల్లో. వెంట నియామక పత్రం, చివరి పే స్లిప్పులు, జీతం ఆగిన నెలలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌బుక్ పేజీ. క్లెయిమ్ తేదీ ఏప్రిల్ 10 దాకానే లెక్కించండి.

ఆర్పీ తన క్లెయిముల జాబితా వెబ్‌సైటులో పెడతాడు. అది వచ్చిన రోజే మీ పేరు ఏ వర్గంలో ఉందో చూడండి. అంకె సరిగ్గా ఉండి వర్గం తప్పుగా ఉండటమే ఎక్కువగా జరిగేది, మనవాళ్లు అంకె చూసి ఊరుకుంటారు. తప్పుంటే వెంటనే ఈమెయిల్‌లో ఆధారాలతో అడగండి, వినకపోతే హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీలో సెక్షన్ 60(5) కింద దరఖాస్తు చేయాలి. విషయం లిక్విడేషన్‌కు పోతే ఉత్తర్వు రాగానే మీ ఉద్యోగం ముగిసినట్టు చట్టమే భావిస్తుంది. అప్పుడు ఉద్యోగం పోయినందుకు ఇచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారం కూడా చేర్చి 30 రోజుల్లో లిక్విడేటర్‌కు మళ్లీ క్లెయిమ్ ఇవ్వండి, పాతది ఉంది కదా అని ఊరుకోవద్దు. లిక్విడేటర్ దాన్ని తిరస్కరించినా, వర్గం మార్చినా, ఆ నిర్ణయం అందిన 14 రోజుల్లో ఎన్‌సీఎల్‌టీకి అప్పీలు వేయాలి. నిర్ణయం ఈమెయిల్‌లో వస్తుంది, స్పామ్ ఫోల్డర్‌లో పడినా ఆ 14 రోజులు నడుస్తూనే ఉంటాయి, కాబట్టి ఫారంలో రోజూ చూసుకునే ఐడీనే ఇవ్వండి.